హాట్ అంటే ఏ హాట్?

ఇంగ్లీషు గొప్ప భాషే, కాదనను. కానీ పొగలు కక్కే కాఫీకీ, ముక్కు కార్పించే గొడ్డుకారానికీ కలిపి ఒకే మాటతో సరిపెట్టుకుంటున్న భాషను చూస్తే జాలేస్తుంది. మనకు వేడి వేరు, కారం వేరు. అంతటితో ఊరుకున్నామా? పాపం పేదదని ఆ 'హాట్'కి మూడో అర్థం కూడా మనమే దానం చేశాం. "హాటా, బీరా?" అని ఎవరైనా అడిగితే దేని గురించో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇన్ని అర్థాలున్న మాటను హెచ్చరిక బోర్డు లేకుండా జనం మధ్య వదిలితే ఏమవుతుందో గుంటూరులో ఒక టిఫిన్ హోటల్లో కళ్లారా చూశాను.

ఉదయం ఎనిమిదిన్నర. ఇంగ్లండు నుంచి వచ్చిన భార్యాభర్తలు, అరవై దాటినవాళ్లు, నా పక్క టేబుల్ దగ్గర కూర్చున్నారు. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలు చూశారట. అవి ఏ ఊరి నుంచి వచ్చాయో ఆ ఊరు చూద్దామని బయల్దేరారు. (మన రాళ్లు తిరిగి రాకపోయినా, చూసినవాళ్లయినా వస్తున్నారు. అదే పదివేలు.) సర్వర్ కుర్రాడు రాగానే పెద్దాయన, "ఇడ్లీ. నాట్ హాట్, ప్లీజ్" అన్నాడు.

కుర్రాడు తడుముకోకుండా వంటింటి వైపు కేకేశాడు: "రెండు ప్లేట్లు ఇడ్లీ! వేడి వద్దంట!"

కిటికీలోంచి మాస్టర్ తల బయటికొచ్చింది. "సరిగ్గా విన్నావంట్రా?"

"చేత్తో కూడా చూపించాడు మాస్టారూ!"

ఆరింటికి దించిన మొదటి వాయిలో మిగిలిన నాలుగు ఇడ్లీలను ఎక్కడో అడుగు నుంచి వెతికి తీశాడాయన. కారం వద్దని ఎవరూ చెప్పలేదు కాబట్టి పైన కారప్పొడి చల్లి నెయ్యి పోశాడు. పరాయి దేశం వాళ్లు కదాని రెండూ కాస్త ఎక్కువే.

ఆ ఎర్రదనం అలంకారం అనుకున్నట్టున్నాడు పెద్దాయన, పెద్ద ముక్కే తిన్నాడు. ముందు చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత ముక్కు. బట్టతల వరకూ ఎరుపెక్కాక గొంతు పెగిలింది: "టూ హాట్!"

కుర్రాడు ప్లేటు మీద వేలు ఆనించి చూశాడు. చల్లగా ఉంది. అయినా అతిథి మాట కాదనకూడదని ఫ్యాను పెంచాడు. ఫ్రిజ్‌లోంచి నీళ్ల సీసా తెచ్చాడు. కారానికి నీళ్లు తాగడమంత దండగ పని లేదు. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు. చన్నీళ్లు నోట్లో ఉన్నంతసేపే హాయి, మింగాక మంట మళ్లీ మొదలు. పెద్దాయన సీసా ఖాళీ చేసి, కన్నీళ్లతో మళ్లీ "టూ హాట్" అన్నాడు.

అప్పుడు వెనక టేబుల్ బాబాయి ఒకాయన కల్పించుకున్నాడు. "ఒరేయ్, టూ అంటే రెండురా! రెండు హాట్ అడుగుతున్నాడు!"

హోటల్ మొత్తం నిశ్శబ్దం. గల్లాపెట్టె దగ్గర నుంచి ఓనర్ లేచొచ్చి, చేతులు జోడించి, "సారీ సార్. ఓన్లీ టిఫిన్. హాట్ అంటే ఎదురు సందులో. టెన్ ఓ క్లాక్ ఓపెన్" అన్నాడు. పదింటిదాకా ఈ మంట భరించాలా అన్నట్టు చూసింది పెద్దావిడ.

చివరికి గిన్నెలు కడిగే మామ్మ వచ్చి, ఎవరినీ ఏమీ అడక్కుండా ఓ గిన్నెడు పెరుగు ఆయన ముందు పెట్టింది. "కారమెక్కిందిరా సన్నాసుల్లారా!" మంట పుట్టించేదాన్ని నాలుక మీద నుంచి లాక్కుపోయే కేసీన్ అనే ప్రొటీన్ పెరుగులో ఉంటుందని ఆవిడకు తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు.

ఇక్కడ నేను బాధతో ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లీషు వాళ్ల మాటే ఒక రకంగా నిజమట. నాలుక మీద దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే గ్రాహకమే మిరపకారాన్నీ పసిగడుతుంది. మెదడుకు వెళ్లే కబురు ఒకటే: కాలుతోంది! దీన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో భాగం కూడా ఇచ్చారు. అంటే కుర్రాడు నాడులకు తగ్గట్టుగానే అనువదించాడు, తెలుగుకే అన్యాయం జరిగింది. మిరపకాయను ఇక్కడికి తెచ్చింది కూడా పోర్చుగీసు వాళ్లే. ఈ మొత్తం వ్యవహారంలో తప్పెవరిదో తేల్చడానికి ఓ కమిటీ వేయాల్సిందే, రిపోర్టు ఎప్పటికీ రాకపోయినా సరే.

పెరుగు అయ్యాక పెద్దాయన నవ్వాడు. ఓనర్ బిల్లు తీసుకోనన్నాడు. ఆయన ఇస్తానన్నాడు. ఆ గొడవకు మాత్రం అనువాదం అవసరం రాలేదు. వెళ్లేముందు పెద్దావిడ కుర్రాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండు మాటలు కాగితం మీద రాసుకుంది.

సాయంత్రం అదే హోటల్లో టీ తాగుతుంటే అమరావతి నుంచి తిరిగొచ్చారు. పెద్దావిడ కాగితం చూసి కూడబలుక్కుంటూ అంది: "వేడీ... ఉండాలీ. కారమ్... వొద్దూ."

"రెండు ప్లేట్లు ఇడ్లీ! పొగలు రావాలి, పొడి వద్దు!" కుర్రాడి కేక రోడ్డు అవతలికి వినిపించింది.

మాస్టర్ పొగలు కక్కే ఇడ్లీలే పంపాడు. పొడి చల్లలేదు. కానీ ప్లేటు అంచున, ఊరి పరువు కోసం కాబోలు, చిటికెడు ఉంచాడు. పెద్దాయన భార్య వైపు చూశాడు, కుర్రాడి వైపు చూశాడు, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత వేలికొసతో ఆ పొడిని అద్దుకున్నాడు.