బస్తాకు ఊపిరాడాలంట!

కర్నూలులో బియ్యం బస్తాలు ఊపిరి తీసుకుంటాయి. మా వీధి అంగడాయన చెప్పినాడు కాబట్టి నమ్మాల్సిందే. సోనా మసూరి బస్తా, 26 కిలోలది. మూతి దగ్గర కుట్టుకు పైన ఇంకో వరుస ఖాళీ సూది రంధ్రాలు కనిపించి, ఇవేందని అడిగితే, "గాలాడేదానికి సార్, లేకుంటే బియ్యం ఉక్కపోసుకుంటాయి" అన్నాడు. కుట్టుకు పైన బియ్యమే ఉండదు. ఎవరికి గాలాడాలనో మరి!

ఇక్కడ బస్తా కుట్టు గొప్పతనం తెలుసుకోవాలి. మిషన్ కుట్టులో సరైన కొస పట్టి లాగితే దారమంతా సర్రున ఊడొస్తుంది. సంచి ఎక్కడా చినగదు. అందుకే దానికి పునర్జన్మ యోగం. హోటల్లో ఖాళీ అయిన సంచి పాత సామాన్లాయన బండెక్కి ఏదో గోడౌను చేరుతుంది. అక్కడ దాని కడుపులో పాలిష్ పట్టిన స్టోరు బియ్యం పోసి, చేతి మిషన్‌తో మూతి కుట్టి, కొత్త చీటీ పెట్టి బారసాల చేస్తారు. పేరు మాత్రం పాతదే: సోనా మసూరి. పుట్టిన తేదీ నిన్నటిది. దిష్టి తగలకుండా రబ్బరు స్టాంపు కొంచెం వంకరగా గుద్దుతారు.

మిల్లులోనే కుట్టు తప్పితే మళ్లీ కుట్టరా అంటారు. కుడతారు. అందుకే కుట్టులో కలిపిన చీటీని చూడండి. మిల్లులో రెండుసార్లు కుట్టి ఉంటే సాధారణంగా చీటీకి కూడా రెండు వరుసల రంధ్రాలు పడతాయి. సంచికి రెండు వరుసలుండి చీటీకి ఒకటే ఉంటే, ఆ చీటీ రెండో జన్మలో వచ్చి చేరిందని అనుమానించాలి. రంగులు పక్కకు జరిగి బొమ్మకు నీడలా అంచు కనిపిస్తే మాత్రం వెంటనే దొంగ అనకండి. ప్లాస్టిక్ నేత సంచి మీద అసలు కంపెనీ అచ్చు కూడా కొంచెం జరుగుతుంది.

నూనె డబ్బాది అదే కథ. వాడిన రేకు డబ్బాలో మళ్లీ తినే నూనె నింపకూడదని ఆహార భద్రతా నిబంధనలున్నాయి. అయినా మూత అంచున పట్టకారు గీతలు, స్టిక్కరు కింద టంకం చుక్క కనిపిస్తుంటాయి. మామూలుగా బ్యాచ్ నంబరు, తేదీ నూనె నింపినాక విడిగా కొడతారు. అవి బొమ్మతోపాటే అచ్చయి ఉంటే, వేర్వేరు లోడ్లలో వచ్చిన డబ్బాలన్నిటికీ ఒకటే నంబరుంటే, ఇంకేం చూడాల?

పెళ్లి భోజనం తిని పిల్లోళ్లు వాంతులు చేసుకున్నారనుకోండి. ఆ సరుకు ఎక్కడిదో పట్టుకునేదానికి ఉన్నది ఆ బ్యాచ్ నంబరే. అది దొంగదైతే అధికారులు పోయి నిలబడేది ఆ నూనె మొహమే చూడని మిల్లు గుమ్మంలో. నింపినోడు నవ్వుకుంటా ఇంకో డబ్బాకు టంకం వేస్తుంటాడు. సిగ్గులేని నా కొడుకులు, పసిపిల్లల కంచంలో పోసేది కూడా ఇదే కదరా!

మా అంగడాయన మాత్రం నిన్న మూడు వరుసల రంధ్రాల బస్తా చూపించి, "ఇది ఇంకా బాగా గాలాడతాది సార్" అన్నాడు.