‘బడును’ గారి డేటా ప్రణాళిక

పరిశోధన ప్రతిపాదనల్లో అందరికంటే ఎక్కువ పని చేసేది ప్రధాన పరిశోధకుడు కాదు, ‘బడును’ గారు. డేటా సురక్షితంగా భద్రపరచబడును. సహేతుకమైన అభ్యర్థనపై పంచుకొనబడును. నిబంధనల మేరకు నిల్వ ఉంచబడును. మూడు హామీలున్నాయి, చేసే మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఈ పేరాను ఎవరూ ఉల్లంఘించలేరు. ఇవ్వని మాటను తప్పడం ఎలా?

అయినా కొందరు సమీక్షకులు మొండివాళ్లు. ‘ఎక్కడ? ఎవరు? ఎన్నాళ్లు?’ అని పక్కన గీకుతారు. వాళ్ల కోసం ఈ చక్కటి పేరాను పాడుచేయక తప్పదు. 40 మందిని తలా గంటసేపు ఇంటర్వ్యూ చేసే ప్రాజెక్టు అనుకుందాం.

ముందు లెక్క. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో `.wav` రికార్డింగు గంటకు సుమారు 318 ఎంబీ. 40 గంటలకు 13 జీబీ లోపే. ‘భారీ డేటా’ కాస్తా పెన్‌డ్రైవ్‌లో పట్టేసింది. పట్టింది కాబట్టి అక్కడే ఉండిపోతుంది, ప్రమాదమంతా అదే. అందుకే ఇలా రాయాలి: ‘పరిశోధన సహాయకుడు ఫైళ్లను అదే రోజు సంస్థ సర్వర్‌లోని ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్‌లోకి ఎక్కిస్తాడు. కాపీ అచ్చంగా అసలులాగే ఉందని తేల్చే SHA-256 చెక్‌సమ్‌లు సరిపోయి, ఆ రాత్రి వేరే భవనంలోకి బ్యాకప్ పూర్తయ్యాకే రికార్డర్‌లోవి చెరిపేస్తాడు.’ పేర్లనూ కోడ్‌లనూ కలిపే పట్టిక వేరే చోట ఉండాలి, అది తెరిచే అనుమతి ఇద్దరికే.

ఇక ‘సహేతుకమైన అభ్యర్థన’. అడిగితే ఇస్తామని తమ వ్యాసాల్లో రాసుకున్న 1,792 వ్యాసాల రచయితలను నిజంగానే అడిగి చూసిన అధ్యయనం 2022లో వచ్చింది. 93 శాతం మంది పలకలేదు, లేదా ‘ఇవ్వం’ అన్నారు. అడిగినవాళ్లే సహేతుకంగా లేరు కాబోలు! ఎవరినీ అడగనక్కర్లేని వాక్యం ఇది: ‘పేర్లు, ఊళ్లు తీసేసిన రాతప్రతులను మొదటి వ్యాసం వెలువడిన రోజున గానీ, ప్రాజెక్టు ముగిసిన 12 నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు జెనోడో అనే బహిరంగ డేటా భాండాగారంలో CC BY 4.0 లైసెన్సు కింద పెడతాం. గొంతు మనిషిని పట్టిస్తుంది కనుక ఆడియో ఇవ్వం.’

ఇంత రాసినవాళ్లు కూడా బోర్లాపడే చోటు సమ్మతి పత్రం. పాత ప్రాజెక్టు నుంచి దించిన ఆ కాగితంలో ‘అధ్యయనం ముగియగానే సమాచారం ధ్వంసం చేస్తాం’ అని ఉంటుంది. దాని మీద 40 సంతకాలు పడ్డాక జెనోడో వాక్యం ఉత్త కాగితమే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సింది మొదటి ఇంటర్వ్యూకి ముందు, వ్యాసం అచ్చయ్యాక కాదు.

నిల్వ గడువు ‘10 ఏళ్లు’ అంటే చాలదు, ఎప్పటి నుంచో కూడా రాయాలి. ‘ప్రాజెక్టు ముగిసిన తేదీ నుంచి’ అనండి. ఆడియోను రాతప్రతి సరిచూసిన 6 నెలలకు చెరిపేస్తామంటే, బ్యాకప్‌లో అది ఇంకో 90 రోజులు బతికే ఉంటుందని కూడా ఒప్పుకోండి. బాధ్యుడిగా మనిషి పేరు కాక, విభాగ డేటా నిర్వాహకుడి పదవి రాయండి. పరిశోధకులు ఉద్యోగాలు మారతారు, పదవి మారదు.

పేరా మూడింతలైంది, పేజీ పరిమితి దాటిందా? ‘నేటి డిజిటల్ యుగంలో’ అని మొదలయ్యే వాక్యం తీసేయండి. ఎవరూ వెతకరు.