ఓపెన్ పేపర్స్ మీద పాత కారు కొనేముందు ఆర్‌సీలో ఆ తేదీ చూడండి

పాత కారు బేరానికి వెళ్లినవాళ్లు టైర్లు చూస్తారు, మీటరు చూస్తారు, బానెట్ ఎత్తి ఇంజిన్ సౌండ్ వింటారు. ఆర్‌సీ ఎప్పటిదాకా చెల్లుతుందో మాత్రం చాలామంది అడగరు. అడగలేదు కదా అని పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ వాళ్లూ చెప్పరు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

మా బావమరిది గుంటూరులో 2010 జూన్‌లో రిజిస్టరైన పెట్రోల్ కారు తీసుకున్నాడు. కొనేవాళ్ల వివరాలు ఖాళీగా వదిలి ఓనరు సంతకాలు పెట్టిన పేరు మార్పు కాగితాలు, ఫారం 29, ఫారం 30 చేతిలో పెట్టి "ఓపెన్ పేపర్స్ ఉన్నాయి కదండీ, ఎప్పుడైనా పేరు మార్చుకోవచ్చు, టెన్షన్ లేదు" అన్నారు. సొంత కారుకి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే, అదీ రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క. అంటే 2025 జూన్‌తో అయిపోయింది. ఆ తర్వాత తీరిగ్గా ట్రాన్స్‌ఫర్‌కి వెళితే ముందు రెన్యువల్ చేయించుకురమ్మన్నారు. రెన్యువల్‌కి ఫారం 25 పెట్టాల్సింది ఆర్‌సీలో పేరున్న మనిషి. ఆయన బెంగళూరు వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. కన్సల్టెన్సీని అడిగితే బండి అమ్మేశాం, మాకేం సంబంధం అంటున్నారు. ఈలోపు ఆలస్యానికి నెలకి 500 రూపాయల చొప్పున పడుతూనే ఉంటుంది.

పదిహేనేళ్లు దాటితే కారు తుక్కే అనేది కూడా నిజం కాదు. డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అనే గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర బండి బాగుంటే ఫిట్‌నెస్ చూసి ఇంకో ఐదేళ్లు ఇస్తారు. కారుకి రెన్యువల్ ఫీజు 5,000, దానిమీద గ్రీన్ ట్యాక్స్. తనిఖీలో బ్రేకులు, లైట్లు, పొగ చూస్తారు, అవి మెకానిక్ సరిచేయగలడు. చాసిస్ నంబరు తుప్పు పట్టి చదవడానికి రాకపోతే మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర పని ఆగిపోతుంది. అందుకే కొనేముందే ఆ చోట గుడ్డతో తుడిచి, అంకెలు ఒక్కొక్కటే ఆర్‌సీతో సరిచూసుకోండి.

గడువు ఏడాదిలోపే ఉన్న బండి అయితే నా మాట ఒక్కటే. గడువుండగానే ట్రాన్స్‌ఫర్ అయిపోవాలి, లేదా ఓనరే రెన్యువల్ చేయించి ఇవ్వాలి, ఆ ఖర్చు బేరంలో తేల్చుకోండి. పేరు మారేదాకా కొంత డబ్బు ఆపండి, ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.

అమ్మేవాళ్లకీ చెబుతున్నా. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేయాలని చట్టమే చెబుతోంది. ఆర్‌సీలో మీ పేరే ఉండి ఆ కారు ఎవరినైనా గుద్దితే పరిహారం మీ మెడకే చుట్టుకుంటుంది. బండి ఎన్ని చేతులు మారినా బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.