రీప్లే బఫర్ "సరిగ్గా ముప్పై సెకన్లు" ఇస్తుందా?

"లైవ్ డెమో మొత్తం రికార్డ్ చేసి డిస్క్ నింపుకోకండి. ఓబీఎస్‌లో రీప్లే బఫర్ ఉంది కదా! ఏదైనా మంచి ఘట్టం అయిపోయాక బటన్ నొక్కండి చాలు, అంతకుముందు జరిగిన ముప్పై సెకన్లు సరిగ్గా ఫైల్‌లోకి వచ్చేస్తాయి. నొక్కేదాకా అది ఏ పనీ చేయదు కాబట్టి కంప్యూటర్‌కి భారం లేదు. సెట్టింగ్స్ ముట్టుకోనక్కర్లేదు."

తెరనీ కెమెరానీ రికార్డ్ చేయడానికీ, లైవ్ స్ట్రీమ్ చేయడానికీ వాడే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ గురించిన ఈ సందేశంలో నిజం ఒక్కటే: గడిచిన కొద్ది సెకన్లని మెమరీలో ఉంచుకుని అడిగినప్పుడు ఫైల్‌గా రాసే రీప్లే బఫర్ అందులో ఉంది, లైవ్ డెమో చేసేవాళ్లకి అది నిజంగా పనికొస్తుంది. మిగతాదంతా నమ్మి డెమోకి కూర్చుంటే, ఏ క్షణం కోసం ఇదంతా పెట్టుకున్నామో అదే చేజారే ప్రమాదం ఉంది.

ముందు బటన్ సంగతి. ఇక్కడ ఉన్నవి రెండు బటన్లు, వాటిని ఒకటిగా కలిపేయడం దగ్గరే తప్పు మొదలైంది. Controls ప్యానెల్‌లో కనిపించే `Start Replay Buffer` గడిచిన దాన్ని సేవ్ చేయదు. అది నొక్కిన క్షణం నుంచి బఫర్ పోగుచేయడం మొదలుపెడుతుంది. అంతకుముందు తెర మీద ఏం జరిగినా అది ఎక్కడా లేదు. బఫర్ నడుస్తున్నప్పుడు ఆ బటన్ పక్కనే సేవ్ చేసే చిన్న బటన్ ఒకటి వస్తుంది. ఫైల్ రాసేది అది, లేదా Settings → Hotkeys లో `Save Replay` కి మనం పెట్టుకున్న కీ. కాబట్టి డెమో మొదలవకముందే బఫర్ నడుస్తూ ఉండాలి. మధ్యలో ఆపితే అప్పటిదాకా మెమరీలో ఉన్నదంతా పోతుంది.

అసలు ఆ Start బటనే కనిపించడం లేదని చాలామంది అడుగుతుంటారు. దానికి కారణం సెట్టింగ్స్ ముట్టుకోకపోవడమే. Settings → Output లో Simple మోడ్‌లో ఉంటే అదే పేజీలో, Advanced మోడ్‌లో ఉంటే Replay Buffer అనే ట్యాబ్‌లో, `Enable Replay Buffer` కి టిక్ పెట్టాలి. రికార్డింగ్ నాణ్యతని లాస్‌లెస్‌గా పెట్టుకున్నా, Advanced లో కస్టమ్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అవుట్‌పుట్ ఎంచుకున్నా ఈ సౌకర్యం దొరకదు. లైవ్ స్ట్రీమ్ చేసేవాళ్లు General పేజీలో `Automatically start replay buffer when streaming` కి కూడా టిక్ పెట్టుకుంటే మరిచిపోయే బెడద ఉండదు. స్ట్రీమ్ లేకుండా గదిలో ప్రొజెక్టర్ మీద మాత్రమే చూపించేవాళ్లు మాత్రం చేత్తో మొదలుపెట్టుకోవాల్సిందే.

ఇక "సరిగ్గా ముప్పై" అన్న మాట. నాకు అన్నిటికంటే అభ్యంతరం దీనిమీదే, ఎందుకంటే ఇది విన్నవాళ్లు నిడివిని సరిచూసుకోవడమే మానేస్తారు. మొదటి విషయం, ఓబీఎస్ తనంతట తాను పెట్టుకునే నిడివి ముప్పై కాదు, 20 సెకన్లు. `Maximum Replay Time` అన్న చోట మనమే మార్చాలి. ఆ పేరులోనే ఉంది, అది గరిష్ఠం. 30 అని పెట్టినా ఫైల్ 30కి మించదనే అర్థం, ప్రతిసారీ 30 వస్తుందని కాదు.

ఎందుకు తగ్గుతుందో తెలియాలంటే బఫర్‌లో ఏం ఉంటుందో చూడాలి. అందులో ఉండేవి విడివిడి బొమ్మలు కావు, అప్పటికే ఎన్‌కోడ్ అయిన, అంటే చిన్నదిగా కుదించిన వీడియో. ఆ పని చేసేది ఎన్‌కోడర్. అలాంటి వీడియోలో పూర్తి బొమ్మ ఎప్పుడో ఒకసారి వస్తుంది, దాన్నే కీఫ్రేమ్ అంటారు. దాని తర్వాతి ఫ్రేమ్‌లలో అంతకుముందున్న దానితో పోలిస్తే ఏం మారిందో మాత్రమే ఉంటుంది. కీఫ్రేమ్ లేకపోతే ఆ మిగతా ఫ్రేమ్‌లను విప్పి చూపించడం కుదరదు. అందుకని బఫర్ నిండి, పాతదాన్ని పారేయాల్సి వచ్చినప్పుడు ఓబీఎస్ ఒక్కో ఫ్రేమ్‌ని తీసేయదు. మొదటి కీఫ్రేమ్‌నీ, తర్వాతి కీఫ్రేమ్ దాకా దాని వెనక ఉన్న గుంపునీ ఒకేసారి పారేస్తుంది. అంటే బఫర్ నిడివి 30కి చేరడం, ఒక గుంపు మేరకు పడిపోవడం, మళ్లీ మెల్లగా 30కి పెరగడం, ఇలా నడుస్తూ ఉంటుంది. మనం ఏ క్షణంలో నొక్కామన్న దాన్నిబట్టి ఫైల్ నిడివి ఉంటుంది.

ఆ గుంపు ఎంత పెద్దది? ఎన్‌కోడర్ సెట్టింగ్స్‌లో కీఫ్రేమ్ వ్యవధి 0 అని ఉంటే నిర్ణయం ఎన్‌కోడర్‌ది. x264 అనే ఎన్‌కోడర్ మామూలుగా 250 ఫ్రేమ్‌ల దాకా కీఫ్రేమ్ లేకుండా పోగలదు. సెకనుకి 30 ఫ్రేమ్‌ల వీడియోలో అది 8 సెకన్ల పైమాటే. దృశ్యం ఒక్కసారిగా మారినప్పుడు అది మధ్యలో కీఫ్రేమ్ వేస్తుంది గానీ, డెమోలో కెమెరా ఒకేచోట నిలిపి ఉంటుంది, తెర మీద పెద్ద మార్పులు ఉండవు. కాబట్టి సరిగ్గా డెమోల్లోనే ఈ గుంపులు పెద్దవవుతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రసాయనశాస్త్రం ఉపాధ్యాయురాలు టైట్రేషన్ చూపిస్తున్నారు. ఫ్లాస్క్‌లో ఆమ్లం, అందులో ఫినాఫ్తలీన్, పైన బ్యూరెట్‌లో సోడియం హైడ్రాక్సైడ్. చుక్క చుక్కగా వేయడం మొదలైన క్షణాన్ని సున్నా అనుకుందాం. 18వ సెకను దగ్గర ఒక్క చుక్కతో ద్రావణం లేత గులాబీ రంగుకి తిరిగింది. ఆవిడ ఫ్లాస్క్ తిప్పుతూ, రంగు నిలుస్తోందని చూపిస్తూ, రెండు మాటలు చెప్పి 34వ సెకను దగ్గర సేవ్ కీ నొక్కారు.

బఫర్‌కి టిక్ పెట్టి నిడివి మార్చకుండా వదిలేస్తే అది 20 సెకన్లు. అదృష్టం బాగుంటే ఫైల్ 14వ సెకను నుంచి మొదలై రంగు మారడం కనిపిస్తుంది. అప్పుడే ఒక గుంపు పడిపోయి ఉంటే మిగిలేది 12 సెకన్లకు కాస్త తక్కువ, అంటే ఫైల్ 22వ సెకను దాటాక మొదలవుతుంది. ద్రావణం అప్పటికే గులాబీగా ఉంది, మారిన ఘట్టం లేదు. 30 అని పెట్టి కీఫ్రేమ్‌ని పట్టించుకోకపోతే, ఆరంభం 4వ సెకనుకీ 12వ సెకను దాటిన చోటుకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రంగు మార్పు దక్కుతుంది గానీ, చుక్కల వేగం ఎలా తగ్గించారో చూపించే భాగం దక్కకపోవచ్చు. అదే కీఫ్రేమ్ వ్యవధి 2 సెకన్లు, గరిష్ఠ నిడివి 45 సెకన్లు పెట్టి ఉంటే, బఫర్‌లో ఎప్పుడూ 43కి తగ్గకుండా ఉంటుంది. చుక్కలు మొదలవకముందు నుంచీ మొత్తం వస్తుంది, అదనపు ముక్క తర్వాత కత్తిరించుకోవచ్చు. ముప్పై సెకన్లు కావాలనుకునేవాళ్లకి నా సలహా ఇదే: కావలసిన నిడివికి కీఫ్రేమ్ వ్యవధినీ, మాట ముగించి కీ మీదికి చెయ్యి వెళ్లేలోపు గడిచే సమయాన్నీ కలిపి పెట్టుకోండి.

నిడివి పెంచితే మెమరీ నిండిపోతుందని భయపడక్కర్లేదు. సెకనుకి 6000 కిలోబిట్ల వీడియో అయితే 30 సెకన్లకి 22.5 మెగాబైట్లు, 45కి 34 లోపే, ఆడియోకి మహా అయితే మరో మెగాబైటు. బిట్‌రేట్ స్థిరంగా ఉంటే ఓబీఎస్ ఈ అంచనాని అక్కడే చూపిస్తుంది. బిట్‌రేట్ కాకుండా నాణ్యత ఆధారంగా రికార్డ్ చేసే పద్ధతుల్లో అంచనా కుదరదు కాబట్టి `Maximum Memory` అనే హద్దు అడుగుతుంది, అది మొదట 512 మెగాబైట్లు ఉంటుంది. దాన్ని ఎవరైనా పొదుపని 64కి దించితే, వీడియో సెకనుకి 18 మెగాబిట్లు దాటినప్పుడల్లా 30 సెకన్లు పూర్తికాకముందే పాతది పోతుంది.

మీ కంప్యూటర్‌లో ఏం జరుగుతోందో తెలుసుకోవడం తేలిక. గరిష్ఠ నిడివి 30 పెట్టి, బఫర్ మొదలుపెట్టి ఒక నిమిషం ఆగి, రెండు మూడు సెకన్లకోసారి ఐదారుసార్లు సేవ్ చేసి, ఫైళ్ల నిడివి చూడండి. 22కీ 30కీ మధ్య ఊగుతుంటే కీఫ్రేమ్ వ్యవధి ఎన్‌కోడర్ చేతిలో ఉంది. అన్నీ అంతకంటే బాగా తక్కువ వస్తుంటే మెమరీ హద్దు చూడండి.

భారం సంగతికి వస్తే, బఫర్‌లో ఉన్నది ఎన్‌కోడ్ అయిన వీడియో అని చెప్పుకున్నాం కదా. అంటే మీరు సేవ్ నొక్కినా నొక్కకపోయినా, బఫర్ నడిచినంతసేపూ ఎన్‌కోడర్ పని చేస్తూనే ఉంటుంది. ప్రాసెసర్ మీద రికార్డింగ్ పెడితే ఎంత బరువో ఇదీ అంతే. స్ట్రీమ్ కూడా నడుస్తుంటే Advanced మోడ్‌లో రికార్డింగ్‌కి వేరే ఎన్‌కోడర్ పెట్టారా, స్ట్రీమ్ ఎన్‌కోడర్‌నే వాడుకోమన్నారా అన్నది చూసుకోవాలి. వేరేది పెడితే ఒకే దృశ్యం రెండుసార్లు ఎన్‌కోడ్ అవుతుంది. బఫర్ ఆదా చేసేది డిస్క్ మీద రాతని మాత్రమే.

అందుకే రికార్డింగ్ వద్దనే సలహా కూడా నిలవదు. బఫర్, రికార్డింగ్ ఒకే ఎన్‌కోడర్‌ని పంచుకుంటాయి కాబట్టి, బఫర్ నడుస్తుండగా రికార్డింగ్ కూడా పెడితే కొత్తగా పడేది డిస్క్ రాత ఒక్కటే, 6000 కిలోబిట్ల దగ్గర గంటకి సుమారు 2.7 గిగాబైట్లు. కంప్యూటర్ ఆగిపోతే మెమరీలోని బఫర్ మిగలదు. మళ్లీ చేయలేని డెమో అయితే రెండూ పెట్టుకోవడమే మేలు, రీప్లేలు వెంటనే చూపించడానికి, రికార్డింగ్ భద్రత కోసం. ఒక్క జాగ్రత్త: రికార్డింగ్‌ని పాజ్ చేసి ఉంచినంతసేపూ రీప్లే సేవ్ కాదు.

సేవ్ కీ ఎంచుకునేటప్పుడు ఒకటి గమనించండి. ఆ కీ ఓబీఎస్‌కే కాదు, మీరు డెమో చూపిస్తున్న ప్రోగ్రామ్‌కి కూడా చేరుతుంది. F5 పెట్టుకుని బ్రౌజర్ చూపిస్తుంటే పేజీ రీలోడ్ అయిపోతుంది. Ctrl, Alt కలిపిన కీలు నయం. లినక్స్‌లో వేలాండ్ వాడేవాళ్లకి ఓబీఎస్ విండో ముందు లేనప్పుడు ఈ కీ పనిచేయకపోవచ్చు, మాక్‌లో కీబోర్డ్‌ని గమనించే అనుమతి ఇవ్వాలి. సేవ్ అయితే రికార్డింగ్ ఫోల్డర్‌లో Replay అన్న పేరుతో మొదలయ్యే ఫైల్ కనిపిస్తుంది. డెమోకి ముందు వేరే విండోలో ఉండి ఒకసారి నొక్కి, ఆ ఫైల్‌ని తెరిచి, గొంతు కూడా వినబడుతోందో లేదో చూసుకోండి.

సేవ్ చేసినంత మాత్రాన బఫర్ ఖాళీ కాదు. కాబట్టి ఘట్టం అవగానే ఒకసారి, వివరణ ముగిశాక ఇంకోసారి నొక్కొచ్చు. రెండు ఫైళ్లలో కొంత భాగం ఒకటే ఉంటుంది, కానీ గులాబీ రంగు వచ్చిన చుక్క మొదటిదాంట్లో తప్పక ఉంటుంది.