టీకా జ్వరానికీ ఒక లెక్కుంది, దయచేసి ఫోన్లో వైద్యం చెప్పకండి

పొద్దున వచ్చిన ఫోన్ తలుచుకుంటే చేతులు ఇంకా వణుకుతున్నాయి కోపంతో. నిన్న పొద్దున పదకొండింటికి మా బాబుకి ఏడాదిన్నర డీపీటీ బూస్టర్ వేయించాం, ఎడమ తొడకి. సాయంత్రానికి కాలు కదపనివ్వలేదు, డైపర్ మార్చబోతే నా చెయ్యి తోసేసి ఒకటే ఏడుపు. రాత్రి తొమ్మిదికి 101, ఇవాళ పొద్దున 102. ఇది తెలిసిందే కదా, వేసే ముందే చెప్పారు. ఆ టీకాలో కోరింత దగ్గు క్రిమిని చంపి మొత్తంగా పెడతారు, దాన్ని చూసి ఒంట్లో రక్షణ వ్యవస్థ లేస్తుంది, జ్వరం, ఒళ్ళు నొప్పులు అందుకే. మొదటి రోజే మొదలై మామూలుగా ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది.

ఈలోపు మా ఆడపడుచు ఫోన్. "అయ్యో 102నా, ఆ పారాసెటమాల్ ఒక 5 ఎంఎల్ పొయ్యి వదినా, మా వాడికి ఎప్పుడూ అంతే పోస్తాను."

నా చేతిలో ఉన్నది డ్రాప్స్ సీసా! డ్రాప్స్‌లో ఒక్క ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు ఉంటుంది, ఆవిడ చెప్పే సిరప్ వేరు. మా వాడు 10 కిలోలు, కిలోకి 15 చొప్పున ఒక డోస్ 150 మిల్లీగ్రాములు. అంటే ఈ డ్రాప్స్ అయితే ఒకటిన్నర ఎంఎల్, అదే 5 ఎంఎల్‌లో 250 ఉండే సిరప్ అయితే 3 ఎంఎల్. ఆవిడ మాట విని 5 ఎంఎల్ డ్రాప్స్ పోసి ఉంటే 500 మిల్లీగ్రాములు లోపలికి పోయేది, మూడు డోసుల కంటే ఎక్కువ ఒకేసారి! అలా రోజంతా పోస్తూ పోతే లివర్ ఏం కావాలి? సీసా మీద అక్షరం చదవకుండా ఎంఎల్ లెక్కలు చెప్పేవాళ్ళంటే నాకు భయం. ఏ మందైనా బరువుని బట్టి, సీసా మీద రాసినదాన్ని బట్టి. డోస్‌కీ డోస్‌కీ మధ్య కనీసం నాలుగు గంటలు, ఆరైతే ఇంకా మంచిది, రోజుకి నాలుగు డోసులు దాటకూడదు. జలుబు సిరప్‌లో కూడా పారాసెటమాల్ కలిసి ఉండొచ్చు, అది చూడకుండా రెండూ పోసేవాళ్ళున్నారు. ఆస్పిరిన్ అయితే పిల్లలకి అసలు ముట్టించకూడదు.

ఒకటిన్నర ఎంఎల్ పోశాను, నలభై నిమిషాలకి 100.6కి వచ్చింది, లేచి కూర్చుని బంతి అడిగాడు. నాకు కావాల్సింది అదే. నంబర్ పూర్తిగా నార్మల్‌కి రాకపోయినా పర్లేదు, జ్వరం దిగినప్పుడు పిల్లాడు మనవైపు చూస్తున్నాడా, పాలు నీళ్ళు తాగుతున్నాడా, ఉచ్చ పోస్తున్నాడా అన్నది చూడాలి. అత్తయ్య రెండు దుప్పట్లు కప్పబోతే తీయించాను, వేడి బయటికి పోవాలి కదా. సూది వేసినచోట రుద్దనివ్వలేదు, చల్లటి తడిగుడ్డ పెట్టాను.

అసలు నా కోపం ఇవాళ్టిది కాదు. మా పాపకి ఆరో నెల టీకా తర్వాత నాలుగో రోజు జ్వరం వచ్చింది. నాలుగో రోజు! ఇంట్లో అందరూ ఒకే మాట, "టీకా జ్వరమేలే, అదే పోతుంది." రెండు రాత్రులు అది చెవి పట్టుకుని ఏడుస్తుంటే నేనూ నమ్మి కూర్చున్నాను. మూడో పొద్దున డాక్టర్ గారు లైట్ పెట్టి చూస్తే చెవిపొర ఎర్రగా ఉబ్బి ఉంది, ఇన్ఫెక్షన్. "రెండు రోజులు దాటాక వచ్చిన జ్వరాన్ని ఆ టీకా మీద తొయ్యకూడదమ్మా" అన్నారు, ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. తట్టు టీకా లాంటివి వేరు, తట్టు టీకా జ్వరం వారం దాటాక, పన్నెండు రోజుల లోపు వస్తుంది, అది ఆ టీకా స్వభావం. మిగతావాటికి రెండు రోజులు దాటినా జ్వరం ఉంటే, తగ్గి మళ్ళీ వస్తే, చూపించాల్సిందే.

మూడు నెలల లోపు బిడ్డకైతే 100.4 ఉన్నా డాక్టర్‌కి ఫోన్ చెయ్యాలి, టీకా వేశాం కదా అని ఊరుకోకూడదు. పెద్ద పిల్లలకి 104 దాటితే, మూడు గంటలు ఆపకుండా ఏడిస్తే, లేపినా లేవకుండా మగతగా ఉంటే, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోతే అప్పటికప్పుడే ఫోన్. ఫిట్స్ వచ్చినా, మొహం వాచి ఊపిరి ఆడకపోయినా ఫోన్లు కూడా కాదు, తిన్నగా ఎమర్జెన్సీకి. ఆ వాపు, ఆయాసం ఎక్కువగా సూది వేసిన అరగంటలోపే వస్తాయి, అందుకే మనల్ని అక్కడే కూర్చోమంటారు, చాలామంది ఆగకుండా వెళ్ళిపోతారు, నిన్న మా ముందే ఇద్దరు వెళ్ళిపోయారు.

ఇప్పుడు రాత్రి ఎనిమిది, 99.4. కాలు ఇంకా కుంటుతున్నాడు, సూది దగ్గర చిన్న గడ్డ తగులుతోంది, అది కొన్ని వారాలుండొచ్చు, ఎరుపు పెరుగుతుందేమోనని పెన్నుతో చుట్టూ గీత గీసి పెట్టాను. మూడు డోసుల టైములూ ఫ్రిజ్ మీద కాగితంలో రాశాను. రేపు పొద్దున పదకొండుకి నలభై ఎనిమిది గంటలు, అప్పటికి జ్వరం ఉంటే డాక్టర్‌కే ఫోన్ చేస్తాను.