పెళ్లి తేదీకి టోటల్ కట్టే ముందు, అసలు ఏది తేదీ?

పంతులుగారు పంచాంగం చూసి నాలుగు ముహూర్తాలు రాసిస్తే పెళ్లి తేదీ ఖాయమైపోయే రోజులు పోయాయి. ఇప్పుడు ఆ కాగితాన్ని ఫొటో తీసి న్యూమరాలజీ ఆయనకి వాట్సాప్ చేస్తున్నారు. తిథి, తారాబలం, లగ్నశుద్ధి అన్నీ చూసి పెట్టిన ముహూర్తాన్ని ఆయన ఒక్క ముక్కలో కొట్టేస్తాడు: "టోటల్ నాలుగు వస్తోందండీ, వద్దు." అంతే, మళ్లీ మొదటికి. నా మాట ముందే చెప్పేస్తాను. ఈ టోటల్‌కి పెళ్లితో సంబంధం లేకపోవడం ఒక్కటే సమస్య కాదు, దాన్ని కట్టడానికి వాడే తేదీ ఏదో వాళ్లే తేల్చుకోలేదు.

లెక్క తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా. తేదీలో రోజు అంకెలు కూడితే ఒక సంఖ్య, రోజు నెల సంవత్సరం మొత్తం కూడితే ఇంకో సంఖ్య. రెండూ ఒకటి నుంచి తొమ్మిది లోపే ఉండాలి. ఒకటి సూర్యుడు, రెండు చంద్రుడు, మూడు గురువు, నాలుగు రాహువు, ఐదు బుధుడు, ఆరు శుక్రుడు, ఏడు కేతువు, ఎనిమిది శని, తొమ్మిది కుజుడు. పెళ్లికి నాలుగు, ఎనిమిది పనికిరావు అని ఎక్కువమంది చెప్తారు. కేతువు వైరాగ్య కారకుడు కాబట్టి ఏడు కూడా వద్దని కొందరు. పైగా అబ్బాయి, అమ్మాయి పుట్టినరోజు సంఖ్యలకి ఇది శత్రువు కాకూడదు.

దీన్ని 2026 నవంబర్ మీద పెట్టి చూద్దాం. కార్తీకం వస్తుంది కాబట్టి పెళ్లిళ్లకి అందరి కళ్లూ ఆ నెల మీదే ఉంటాయి. 2026 అంకెలు కూడితే 10, అంటే 1. నవంబర్ 11, అంటే 2. కాబట్టి ఆ నెలలో ఏ రోజుకైనా దాని సంఖ్యకి మూడు కలిపితే టోటల్ వచ్చేస్తుంది. రోజు సంఖ్య నాలుగు, ఎనిమిది అయిన తేదీలు ఆరు పోయాయి. టోటల్ నాలుగు, ఎనిమిది వచ్చేవి, అంటే రోజు సంఖ్య ఒకటి, ఐదు అయినవి, ఇంకో ఏడు పోయాయి. కేతువు మూడు తేదీలు మింగాడు. ముప్ఫైలో పద్నాలుగు మిగిలాయి.

ఇప్పుడు అమ్మాయి 12న పుట్టింది, అబ్బాయి 15న పుట్టాడు అనుకుందాం. ఆమె మూడు, అతను ఆరు. గురువుకీ శుక్రుడికీ పడదు కాబట్టి ఆరు ఆమెకి పనికిరాదు, మూడు అతనికి పనికిరాదు, ఇంకో ఏడు తేదీలు అవుట్. (మరి వాళ్లిద్దరికీ ఒకరికొకరు పడతారా అని మాత్రం ఎవరూ అడగరు, అడ్వాన్సులు ఇచ్చేశాం కదా.) మిగిలిన వాటిలో 9, 18, 27 తేదీలకి టోటల్ మూడు వస్తుంది, అది మళ్లీ అబ్బాయికి తేడా. చివరికి నిలబడేవి 2, 11, 20, 29. సరిగ్గా తొమ్మిది రోజులకొకటి. అంకెలు కూడి ఒక అంకెకి తెచ్చే లెక్క ఏదైనా తొమ్మిదితో భాగిస్తే వచ్చే శేషమే, సున్నా వస్తే తొమ్మిది, అందులో ఇంకే రహస్యమూ లేదు. ఆ నాలుగింటిలో దేనికైనా పంచాంగంలో మంచి ముహూర్తం పడితే అదృష్టం, లేకపోతే న్యూమరాలజీ ఆయనే ఒక మెట్టు దిగి "తొమ్మిది ఫరవాలేదు లెండి" అంటాడు. ఇన్ని షరతుల్లో ఏది ఎప్పుడు సడలించాలో ఆయన చేతిలోనే ఉంటుంది, కాబట్టి ఏ తేదీనైనా కొట్టేయొచ్చు, ఏ తేదీనైనా నిలబెట్టొచ్చు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన ముహూర్తాలు సగం అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. పైన తేలిన 20వ తేదీనే తీసుకోండి, ముహూర్తం తెల్లవారుజామున 2.10కి పడింది అనుకోండి. పంచాంగం లెక్కలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, కాబట్టి అది ఇంకా 19వ తేదీ గురువారం రాత్రే. అందుకే మన శుభలేఖల్లో "గురువారం రాత్రి 2.10 గంటలకు, తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు. ఆ ఒక్క మాటతో బంధువులు రోజు తప్పిపోకుండా వస్తారు. న్యూమరాలజీకి మాత్రం ఆ మాట దగ్గర ఊపిరి ఆడదు. గడియారం ప్రకారం 20 అంటే రోజు సంఖ్య రెండు, టోటల్ ఐదు, బ్రహ్మాండం. పంచాంగం ప్రకారం 19 అంటే రోజు సంఖ్య ఒకటి, టోటల్ నాలుగు, రాహువు. అదే పెళ్లి, అదే పీట, అదే నిమిషం. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న అన్నయ్య లైవ్‌లో చూస్తుంటే అక్కడ 19వ తేదీ మధ్యాహ్నం 3.40. రాహువు మండపంలో ఉన్నాడా, ఎడిసన్‌లో ఫోన్ ముందు కూర్చున్నాడా?

"గడియారం తేదీయే తీసుకుంటాం" అంటారు చాలామంది. సరే, అదే అనుకుందాం. అప్పుడు పెళ్లి ఎన్ని గంటలకి అయినట్టు? మనవాళ్ల లెక్కలో సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. చట్టం లెక్క వేరు. హిందూ వివాహ చట్టం 1955లో ఏడో సెక్షన్ ప్రకారం, సప్తపది ఉన్న సంప్రదాయంలో ఏడో అడుగు పడినప్పుడే వివాహం పూర్తవుతుంది. ముహూర్తం 20వ తేదీ రాత్రి 11.40కి ఉందనుకోండి. జీలకర్ర బెల్లం 20న పడుతుంది. మాంగల్యధారణ, తలంబ్రాలు, ఫొటోగ్రాఫర్ గారి "ఇంకొక్కసారి సార్, ఇటు చూడండి" అన్నీ అయ్యి ఏడడుగులు వేసేసరికి తేదీ 21. 21 అంటే మూడు, మన అబ్బాయికి శత్రు సంఖ్య. న్యూమరాలజిస్టు ఏ పెళ్లికి నంబర్ ఇచ్చాడు, పీటల మీద అయినదానికా, చట్టం ఒప్పుకున్నదానికా? ఈ ప్రశ్న అడిగితే "మనసులో నమ్మకం ముఖ్యమండీ" అనేస్తారు. నమ్మకమే ముఖ్యమైతే నాలుగో తేదీన నమ్మకంగా చేసుకోవచ్చుగా!

పుట్టినరోజు సంగతి చెప్పనే అక్కర్లేదు. మన రాష్ట్రాల్లో ఎంతమందికి పదో తరగతి మెమోలో ఒక తేదీ, అమ్మ చెప్పే తేదీ ఇంకొకటీ ఉంటాయో అందరికీ తెలుసు. స్కూల్లో చేర్చేటప్పుడు వయసు సరిపోవాలని వేయించిన తేదీయే ఆధార్‌లోకి, పాస్‌పోర్టులోకి ఎక్కింది. బయోడేటాలో పెట్టేది అదే, న్యూమరాలజీ ఆయనకి వెళ్లేదీ అదే. ఊళ్లో హెడ్మాస్టరుగారు రాసిన తేదీకి గ్రహాలు కట్టుబడి ఉండాలి.

దీన్ని వేల ఏళ్ల నాటి కాల్డియన్ శాస్త్రం అని కూడా చెప్తుంటారు. దాన్ని ఆధునిక కాలంలో జనంలోకి తెచ్చిన కీరో అనే ఐరిష్ ఆయన నాలుగుకి యురేనస్, ఏడుకి నెప్ట్యూన్ ఇచ్చాడు. యురేనస్‌ని కనిపెట్టింది 1781లో, నెప్ట్యూన్‌ని 1846లో. మనవాళ్లు ఆ రెండూ తీసేసి రాహుకేతువుల్ని కూర్చోబెట్టారు. లగ్నపత్రికలో పరాభవ నామ సంవత్సరం అని రాసి, కూడిక మాత్రం క్రీస్తు శకం 2026తో చేస్తారు.

అవతలి వాదన కూడా వినాలి. "ఎవరికేం నష్టం? జంటకి ధైర్యం వస్తుంది, తేదీ గుర్తుంటుంది" అంటారు. 11-11-11, 12-12-12 లాంటి తేదీల మీద మోజు ఉన్నవాళ్లదీ అదే మాట. మోజు వరకైతే నాకు అభ్యంతరం లేదు. కాకపోతే మంచి నంబర్ కాపురాన్ని కాపాడుతుంది అంటే మాత్రం ఒప్పుకోను. నెదర్లాండ్స్ పెళ్లి రిజిస్టర్ల మీద మెల్‌బోర్న్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, 9-9-99 తరహా ప్రత్యేక తేదీల్లో పెళ్లి చేసుకున్న వాళ్లలో ఐదేళ్లకి 10 శాతం మంది విడిపోయారు, వాలెంటైన్స్ డే జంటల్లో 11 శాతం, మామూలు తేదీల వాళ్లలో 8 శాతం. అలాగని తేదీయే విడదీసిందని కాదు. ఆ తేదీల్ని ఎంచుకునే జంటల్లో అంతకుముందే పెళ్లయి విడిపోయిన వాళ్లు, పిల్లలున్న వాళ్లు కాస్త ఎక్కువ. తేడా మనుషుల్లో ఉంది, అంకెలో కాదు.

నష్టం లేదన్న మాట దగ్గర మాత్రం నేను ఆగిపోతాను, ఎందుకంటే ఆ నష్టం ఎవరి మీద పడుతుందో చూస్తున్నాం. ఎనిమిది తీసుకోండి. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌ని ఎనిమిదో నెల ఎనిమిదో తేదీ రాత్రి 8 గంటలకి మొదలుపెట్టారు, ఆ రోజు పెళ్లి చేసుకోవడానికి చైనా జంటలు క్యూ కట్టాయి. మనకేమో ఎనిమిది అంటే శని. అష్టమినాడు, అష్టమ గర్భంలో పుట్టిన కృష్ణుణ్ణి ఉట్లు కొట్టి కొలుస్తాం, 8నో 17నో 26నో పుట్టిన అమ్మాయి సంబంధం వస్తే "ఎనిమిదో నంబర్ అట" అని గొంతు తగ్గిస్తాం. అదే తేదీన పుట్టిన అబ్బాయికి "కష్టపడి పైకొచ్చే నంబర్" అని సర్టిఫికెట్. కుజదోషం, మూలా నక్షత్రం చాలవన్నట్టు ఆడపిల్లకి ఇంకో పేరు పెట్టాం. ఇదివరకు జాతకంలో పుట్టిన టైమ్ నాలుగు నిమిషాలు అటూఇటూ జరిపి తండ్రులు గట్టెక్కించేవారు. పుట్టిన తేదీ జరపడానికి లేదు, ఆధార్ కార్డు మీదే ఉంది.

తేదీ మార్పుల భారమూ అటే. చాలా ఇళ్లలో కథ ఇలాగే నడుస్తుంది. నిశ్చయ తాంబూలాలు అయ్యాక, ఆడపెళ్లివాళ్లు ఫంక్షన్ హాల్‌కి, క్యాటరింగ్‌కి, డెకరేషన్‌కి అడ్వాన్సులు కట్టేశాక, మగపెళ్లివాళ్ల నుంచి ఫోన్. "మాకు తెలిసిన న్యూమరాలజీ ఆయన ఉన్నాడు బావగారూ, ఈ తేదీ మావాడికి కుదరట్లేదట, ఇంకోటి చూడండి." హాల్ వాడు అడ్వాన్స్ వాపసు ఇవ్వడు, కొత్త తేదీకి రేటు పెంచుతాడు. శుభలేఖలు అచ్చయి ఉంటే అవి అటకెక్కుతాయి. పిల్ల తండ్రి నోరెత్తితే "పిల్లల మంచికే కదా" అనే మాట సిద్ధంగా ఉంటుంది. నంబర్ చూపించేది ఒకరు, బిల్లు కట్టేది ఇంకొకరు. డబ్బు తనది కానప్పుడు ఎవరికైనా రాహువు తేలిగ్గా కనిపిస్తాడు.

కాబట్టి ఆడపిల్ల తండ్రులకి నేను చెప్పేది ఒక్కటే. తాంబూలాలు పుచ్చుకునే రోజే, లగ్నపత్రిక రాసేటప్పుడే, పెద్దల ముందు ఒక మాట అనుకోండి. తేదీ మార్చమని అడిగిన వైపు వాళ్లే హాల్ అడ్వాన్సు దగ్గర్నుంచి శుభలేఖల అచ్చు దాకా పోయిన ప్రతి రూపాయీ పెట్టుకోవాలి. మొహమాటపడకండి, కట్నకానుకల దగ్గర వాళ్లేమీ పడలేదు. ఆ మాట అనుకున్నాక కూడా మూడు వారాల ముందు ఫోన్ చేసి టోటల్ నాలుగు వచ్చిందని చెప్పే వియ్యంకుడు ఎవరైనా ఉంటే, ఆయన నిజంగానే నమ్ముతున్నాడని నేను ఒప్పుకుంటాను.