‘ఇవ్వబడవలెను’ అని రాస్తే అడ్వాన్స్ తిరిగి రాదు

మొన్న బెంగళూరు మారతహళ్ళిలో మా తెలుగు గ్రూప్ ఉగాది ప్రోగ్రాం సగంలో ఆగిపోయింది. కరెంట్ పోయింది, హాల్లో జనరేటర్ పనిచేయలేదు. అడ్వాన్స్ వెనక్కి అడిగితే మేనేజర్, చిత్తూరు వైపు ఆయన, "మెయిల్ పెట్టండి సార్, మా ఓనర్‌కి చూపిస్తా. తెలుగులోనే పెట్టండి, ఆయనకు అదే సులువు" అన్నాడు.

గ్రూపులో ఒక తమ్ముడి మెసేజ్ ఇది: "అన్నా, మనం అడ్వాన్స్ ఇచ్చేశాం కదా, వాళ్లేమో ఇవ్వరంట. 15 వేలు ఇచ్చేయమని గట్టిగా మెయిల్ పెట్టు."

నువ్వే రాయరా అన్నాను. రాశాడు: "మా చేత చెల్లించబడిన రుసుము తిరిగి ఇవ్వబడవలెను." మామూలుగా ఎంత చక్కగా మాట్లాడతాడో! మెయిల్ అనగానే పూనకం వచ్చింది. గిడుగు వారు వాడుక భాష కోసం కొట్లాడి వందేళ్లు దాటినా, మర్యాద అంటే ‘బడు’ అనే మన భ్రమ పోలేదు. పైగా ఆ వాక్యంలో ఎవరివ్వాలో లేదు. ఓనర్‌కి కావాల్సిందీ అదే.

నా లెక్కలో మార్చాల్సినవి వేరే. చాట్‌లో ‘మనం’ సరే, అక్కడ అందరం మనవాళ్లమే. ఓనర్‌కి ‘మనం ఇచ్చాం’ అని రాస్తే ఆయన్నీ మనలో కలిపేసినట్టు, అందుకే ‘మేము’. ‘ఇవ్వరంట’లోని ఆ ‘అంట’ ఇంకా ప్రమాదం. ఎవరన్నారు, ఎప్పుడన్నారు అన్నది అందులో దాక్కుంటుంది. చాట్‌లో ఎవరూ అడగరు, మెయిల్‌లో మొదటి ప్రశ్న అదే. ‘కదా’ కూడా అంతే, అవతలివాడికి ముందే తెలుసు అనుకునే మాట. అది తీసేసి తేదీ పెట్టాలి. ‘ఇచ్చేయండి’లో తొందర వినిపిస్తుంది. పోనీ ‘చెల్లించగలరు’ అందామా అంటే, అది విన్నపమో, ఆయన దగ్గర డబ్బుందన్న సమాచారమో నాకెప్పుడూ అర్థం కాదు. కరెంట్, జనరేటర్, అడ్వాన్స్ మాత్రం అలాగే ఉండాలి. వాటికి సంస్కృతం వెతికితే ఓనర్ నిఘంటువు తీయాలి.

చివరికి ఇలా పంపాం:

"నమస్కారం. ఏప్రిల్ 6న మా ఉగాది కార్యక్రమం కోసం మార్చి 20న మీకు 15,000 రూపాయలు అడ్వాన్స్ ఇచ్చాము. ఆ సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకు కరెంట్ పోయింది. జనరేటర్ పనిచేయకపోవడంతో కార్యక్రమం ఆపేయాల్సి వచ్చింది. అడ్వాన్స్ తిరిగి ఇవ్వడం కుదరదని మీ మేనేజర్ గారు 7వ తేదీన ఫోన్‌లో చెప్పారు. దీన్ని మీరు మరోసారి పరిశీలించి, ఆ మొత్తం మాకు తిరిగి ఇప్పించాలని కోరుతున్నాము."

తమ్ముడికి నచ్చలేదు. "గట్టిగా లేదన్నా" అన్నాడు. తేదీల కన్నా గట్టి మాట ఏముందిరా!

మర్నాడు మేనేజర్ ఫోన్: "ఓనర్‌ చదివారు సార్. 7న నేను ఫోన్ చేసింది రాయకుండా ఉండాల్సింది."